వంతు ఎవరిది? పుల్ రిక్వెస్టుల అప్పగింత నోట్

ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు దేశాల్లో ఉన్న రెండు బృందాలు కలిసి రాస్తున్నప్పుడు ఆ రెండింటి మధ్య చేతులు మారేది పని కన్నా ఎక్కువగా పనికి కావలసిన అనుమతి. హైదరాబాద్‌లో ఉన్న ఆఫ్‌షోర్ బృందం, చికాగోలో ఉన్న క్లయింట్ బృందం ఒకే కోడ్ నిల్వను, అంటే వాడుకలో రెపో అని పిలిచే దాన్ని పంచుకుంటాయి. అందులోని ప్రధాన శాఖలోకి, అంటే వినియోగదారుల చేతికి వెళ్ళే ప్రతిలోకి, ఏ ఒక్కరూ తాము రాసిన కోడ్‌ను నేరుగా కలపలేరు. రాసినవారు తమ మార్పును వేరే బ్రాంచ్‌లో సిద్ధం చేసుకుని, దాన్ని ప్రధాన శాఖలో కలపమని అభ్యర్థన పెడతారు. దీనినే పుల్ రిక్వెస్ట్ అనీ, పొట్టిగా పీఆర్ అనీ అంటారు. మరొకరు దానిని వరుస వరుసా చదివి, ప్రశ్నలు అడిగి, సవరణలు కోరి, చివరకు అప్రూవ్ చేస్తే తప్ప అది మెర్జ్ కాదు. ఈ చదివే పనిని రివ్యూ అంటారు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ అనే ఉపకరణాన్ని తయారు చేసినప్పటి నుంచి కోడ్‌ను ఇలా బ్రాంచ్‌లుగా విడదీసి కలపడం తేలికైంది. 2008లో మొదలైన గిట్‌హబ్ ఆ అభ్యర్థనకూ దాని మీద జరిగే చర్చకూ ఒక తెరను సమకూర్చింది. ఆ తెర మీద ప్రతి పీఆర్‌కు ఒక స్థితి కనిపిస్తుంది గానీ, తరువాతి అడుగు ఎవరు వేయాలో చాలా సందర్భాల్లో కనిపించదు. రోజువారీ అప్పగింత నోట్ పుట్టింది ఆ లోపాన్ని పూడ్చడానికే.

నోట్ ఎందుకు కావలసి వచ్చిందో గడియారాలు చెబుతాయి. భారత ప్రామాణిక కాలం ఏడాది పొడుగునా మారదు. అమెరికాలో మాత్రం 2007 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం మార్చి రెండో ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తెస్తారు. అందువల్ల చికాగోకూ హైదరాబాద్‌కూ మధ్య తేడా వేసవిలో 10 గంటల 30 నిమిషాలు, శీతకాలంలో 11 గంటల 30 నిమిషాలు. హైదరాబాద్ బృందం మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 వరకు పని చేస్తుందనీ, చికాగో బృందం ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు పని చేస్తుందనీ అనుకుంటే, వేసవిలో చికాగోలో ఉదయం 9 గంటలయ్యేసరికి ఇక్కడ రాత్రి 7:30 అవుతుంది. ఇద్దరూ కలిసి పనిలో ఉండే సమయం గంటన్నర. నవంబరులో గడియారం వెనక్కి జరగగానే, ఇటువైపు ఎవరూ తమ వేళలు మార్చుకోకపోతే, అది ఒక్కసారిగా అరగంటకు కుంచించుకుపోతుంది. ఆ అరగంటలో స్టేటస్ కాల్ కూడా జరగాలి. నవంబరు రెండో వారంలో చాలా ప్రాజెక్టుల్లో పీఆర్‌లు పేరుకుపోవడానికి దీపావళి సెలవులు కారణమని చెప్పుకుంటారు గానీ, సెలవులు అయిపోయాక కూడా ఆ పేరుకుపోవడం తగ్గకపోతే అసలు కారణం ఈ పోయిన గంటేనని అనుమానించవలసి ఉంటుంది.

కలిసి ఉండే సమయం ఇంత తక్కువైనప్పుడు ఒక ప్రశ్నకు జవాబు రావడానికి పట్టే కాలం ఆ జవాబు రాయడానికి పట్టే కాలంతో సంబంధం లేకుండా పోతుంది. జవాబు ఒక్క మాటే కావచ్చు. అయినా అడిగినవారు ఇంటికి వెళ్ళాక వస్తే, అది చేరేది మరునాడు మధ్యాహ్నమే. జేమ్స్ హెర్బ్‌స్లెబ్, ఆడ్రిస్ మాకస్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకేచోట పూర్తయ్యే మార్పులతో పోలిస్తే రెండు మూడు స్థలాల మధ్య నడిచే అదే తరహా మార్పులకు దాదాపు రెండున్నర రెట్ల కాలం పట్టిందని తేల్చారు. ఆ ఆలస్యం దూరం వల్ల నేరుగా వచ్చింది కాదనీ, స్థలాలు పెరిగేకొద్దీ ఒక మార్పులో పాలుపంచుకోవలసిన మనుషుల సంఖ్య పెరగడం దానికి ప్రధాన కారణమనీ వారు గమనించారు. పీఆర్ విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది: రాసినవారు, చదివేవారు, కలిపే అధికారం ఉన్నవారు ముగ్గురూ వేరైతే, పని ముగ్గురి మధ్య తిరుగుతుంది, ప్రతి తిరుగుడులోనూ ఒక రాత్రి గడిచిపోతుంది.

అప్పగింత నోట్ అనేది హైదరాబాద్ బృందం తన రోజు ముగిసే ముందు, అంటే చికాగో వారు కంప్యూటర్ తెరిచే వేళకు, ఉమ్మడి చాట్ చానెల్‌లోనో మెయిల్‌లోనో పెట్టే ఒక చిన్న జాబితా. అందులో రెండు భాగాలుంటాయి: క్లయింట్ వైపు అడుగు కోసం ఆగి ఉన్న పీఆర్‌లు ఒకటి, ఆఫ్‌షోర్ వైపు అడుగు కోసం ఆగి ఉన్నవి రెండోది. చికాగో బృందం కూడా తన సాయంత్రం 5 గంటలకు, అంటే వేసవిలో ఇక్కడ తెల్లవారుజామున 3:30కు, ఇదే రూపంలో ఒక నోట్ పెట్టి వెళ్ళాలి. ఆచరణలో ఈ రెండోది చాలాచోట్ల ఉండదు. ఆఫ్‌షోర్ వారు మాత్రమే రాస్తారు, క్లయింట్ వారు చదువుతారు. అలా ఒకవైపు నుంచే నడిచే నోట్ కొద్ది వారాల్లోనే బాకీల పట్టికగా మారి, చదివేవారికి చిరాకు తెప్పించడం మొదలుపెడుతుంది.

ఇక్కడ ఒక సహజమైన సందేహం వస్తుంది. ఏ పీఆర్ ఎవరి కోసం ఆగి ఉందో గిట్‌హబ్‌కు తెలియదా, ఆ జాబితాను యంత్రమే తయారు చేయలేదా? కొంతవరకు చేస్తుంది. తనను రివ్యూ చేయమని అడిగిన పీఆర్‌లను చూడాలనుకునే రివ్యూయర్ వెతుకుడు పెట్టెలో ఈ మాటలు టైప్ చేస్తే చాలు:

```
is:open is:pr draft:false review-requested:@me
```

అయితే ఈ జాబితాకు ఒక గుణం ఉంది, దానిని సరిగా గుర్తించకపోవడం వల్లే ఎక్కువ పీఆర్‌లు దారి తప్పుతాయి. రివ్యూయర్ ఒకసారి రివ్యూ రాసి పంపగానే, అది అప్రూవల్ అయినా సవరణలు కోరినదైనా, ఆ పీఆర్ అతని జాబితా నుంచి తొలగిపోతుంది. అది న్యాయమే, అతని వంతు అయిపోయింది, ఇక సవరించవలసింది రాసినవారు. రాసినవారు సవరణలు చేసి, కొత్త కమిట్‌ను, అంటే మార్పుల కట్టను, అదే బ్రాంచ్‌లోకి పంపుతారు. వారి దృష్టిలో ఇప్పుడు వంతు రివ్యూయర్‌ది. కానీ కొత్త కమిట్ వచ్చినంత మాత్రాన గిట్‌హబ్ ఆ పీఆర్‌ను రివ్యూయర్ జాబితాలో తిరిగి చేర్చదు; సవరణలు కోరినట్టున్న పాత ముద్రను కూడా చెరపదు. రాసినవారు రివ్యూయర్ పేరు పక్కనున్న చిన్న గుండ్రటి బాణం గుర్తును నొక్కి మళ్ళీ రివ్యూ అడిగితేనే అది తిరిగి చేరుతుంది. ఆ నొక్కు మరిచిపోతే, పీఆర్ తెరిచే ఉంటుంది, సవరణలన్నీ పూర్తయ్యే ఉంటాయి, అయినా అది ఎవరి పని జాబితాలోనూ ఉండదు. రెండు వైపులవారూ తమ బల్ల ఖాళీగా ఉందనీ, ఎదుటివారే ఆలస్యం చేస్తున్నారనీ నిజాయితీగానే నమ్ముతారు.

ఈ స్థితిని కనిపెట్టడం కష్టం కాదు. 412వ సంఖ్య గల పీఆర్ మీద అనుమానం వస్తే ఈ ఆదేశం ఇవ్వవచ్చు:

```
gh pr view 412 --json reviewDecision,reviewRequests
```

జవాబులో `reviewDecision` ఎదుట `CHANGES_REQUESTED` అనీ, `reviewRequests` ఎదుట ఖాళీ బ్రాకెట్లూ కనిపిస్తే, దాని అర్థం ఎవరో సవరణలు కోరారు, ఇప్పుడు ఎవరినీ రివ్యూ అడగడం లేదు అని. ఇక తెలియవలసింది ఒక్కటే: చివరి కమిట్ ఆ రివ్యూకు ముందుదా, తరువాతదా? ముందుదైతే వంతు రాసినవారిది. తరువాతదైతే వారు అడగడం మరిచిపోయి ఉండాలి, లేదా సగం సవరణలు చేసి ఆపి ఉండాలి. ఈ రెండింటిలో ఏది నిజమో యంత్రానికి తెలియదు, రాసిన మనిషికే తెలుసు. అందుకే స్వయంగా తయారయ్యే జాబితా ఎంత చక్కగా ఉన్నా, దాని మీద ఒక మనిషి పది నిమిషాలు కూర్చోవలసి వస్తుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణను గంటల లెక్కతో సహా చూస్తే ఇది తేటపడుతుంది. ఒక దుకాణాల గొలుసుకు చెందిన ఆర్డర్ల పట్టికలో, సరుకు ఏ వేళకు ఇంటికి చేరాలో నమోదు చేసే కొత్త గడిని చేర్చే పీఆర్ 412ను హైదరాబాద్‌లోని ఇంజినీరు సోమవారం సాయంత్రం 6కు తెరిచింది. వేసవి కాలం కనుక చికాగో రివ్యూయర్ తన ఉదయం 10కి, ఇక్కడి రాత్రి 8:30కు, దానిని చదివి మూడు వ్యాఖ్యలు రాసి సవరణలు కోరాడు. ఒకటి పేరు మార్పు. రెండోది, వేళ ఇవ్వని ఆర్డర్‌కు పరీక్ష లేదని. మూడోది నిజమైన ప్రశ్న: ఇప్పటికే పట్టికలో ఉన్న పాత ఆర్డర్లలో ఈ గడిని ఖాళీగా వదలాలా, ఏదైనా విలువతో నింపాలా? ఇంజినీరు ఇవి మంగళవారం మధ్యాహ్నం 12కు చూసి, 3 గంటలకల్లా మొదటి రెండూ పూర్తి చేసి, మూడోదానికి మీకు ఏది కావాలో చెప్పండి అని జవాబు రాసి, కమిట్ పంపింది. మళ్ళీ రివ్యూ అడిగే గుర్తును నొక్కలేదు. మంగళవారం చికాగోలో తెల్లవారింది. రివ్యూయర్ జాబితాలో ఆ పీఆర్ లేదు కనుక ఉన్న మిగతావి చదివాడు. బుధవారం రాత్రి కాల్‌లో ప్రస్తావన వచ్చాక, అతను తన 11 గంటలకు, ఇక్కడి 9:30కు, ఖాళీగా వదలమని జవాబిచ్చాడు. ఇంజినీరు అప్పటికి వెళ్ళిపోయింది. గురువారం మధ్యాహ్నం ఒంటి గంటకు ఆ మార్పు చేసి, ఈసారి గుర్తు నొక్కింది. రాత్రి 8కి అప్రూవల్ వచ్చింది. కానీ ఈలోపు మరొక పీఆర్ అదే ఫైలును మార్చి మెర్జ్ అయిపోవడంతో రెండింటికీ పొంతన కుదరలేదు. దీనిని కాన్‌ఫ్లిక్ట్ అంటారు. ఆమె 8:40కు దాన్ని చక్కదిద్ది కమిట్ పంపగానే, కొత్త కోడ్ వస్తే పాత అప్రూవల్ చెల్లదనే నిబంధన ఆ రెపోలో అమలులో ఉండటం వల్ల, అప్రూవల్ రద్దయింది. రివ్యూయర్ సమావేశం నుంచి తిరిగి వచ్చి మళ్ళీ అప్రూవ్ చేసి మెర్జ్ చేసేసరికి చికాగోలో గురువారం మధ్యాహ్నం 2, ఇక్కడ శుక్రవారం అర్ధరాత్రి దాటి 12:30.

సోమవారం సాయంత్రం నుంచి లెక్కిస్తే 78 గంటల 30 నిమిషాలు. అందులో తెరిచాక ఇంజినీరు కష్టపడింది దాదాపు 4 గంటల 40 నిమిషాలు, రివ్యూయర్ చదివింది మహా అయితే ఒక గంట. మిగిలినదంతా నిరీక్షణ. ఆ నిరీక్షణలో పెద్ద ముక్క మంగళవారం మధ్యాహ్నం 3 నుంచి బుధవారం రాత్రి 9:30 వరకు సాగినది. అందులో చాలా భాగం ఆ ఒక్క నొక్కు మరవడం వల్ల వచ్చింది. కాన్‌ఫ్లిక్ట్ కూడా విడి దురదృష్టం కాదు. పీఆర్ ఎన్ని రోజులు తెరిచి ఉంటే అన్ని రోజులూ దాని కింద నేల కదులుతూనే ఉంటుంది కనుక అది ఆలస్యానికి పుట్టిన బిడ్డే.

మంగళవారం రాత్రి నోట్‌లో ఈ పీఆర్‌కు ఒక పంక్తి ఉండి ఉంటే ఏం జరిగేది? ఇలాంటి నోట్‌లను ఇంగ్లీషులోనే రాస్తారు. తెలుగులో దాని సారం ఇలా ఉంటుంది: 412, రివ్యూయర్ చూడాలి. పేరు మార్పు, పరీక్ష రెండూ అయ్యాయి. పాత ఆర్డర్లలో గడిని ఖాళీగా వదిలేశాము, నింపాలంటే ఏ విలువో చెప్పండి, అది మైగ్రేషన్ ఫైలులో ఒక్క వరుస మార్పు. 415 దీని మీద ఆధారపడి ఉంది, అది గురువారానికి కావాలి. రివ్యూయర్ దీన్ని ఉదయం 9కి చదివి, 10 గంటలకు అప్రూవ్ చేసి మెర్జ్ చేస్తే ఇక్కడ మంగళవారం రాత్రి 8:30. మొత్తం 26 గంటల 30 నిమిషాలు. 52 గంటలు మిగిలాయి.

ఆ పంక్తిలో పని చేసింది గుర్తుచేయడం ఒక్కటే కాదు. మొదటి కథలో ఇంజినీరు ప్రశ్నకు ప్రశ్నతో జవాబు చెప్పి ఆగింది. రెండో కథలో ఒక నిర్ణయం తీసుకుని, అది తప్పయితే ఏం చెప్పాలో కూడా చెప్పింది. ప్రశ్నగా వదిలితే ఎదుటివారి జవాబు తరువాత మరొక కమిట్, మరొక రివ్యూ, అంటే కనీసం మరొక రాత్రి తప్పదు. నిర్ణయంగా చెబితే, ఎదుటివారు ఒప్పుకున్నంత వరకు అక్కడితో పని అయిపోతుంది. ఏ నిర్ణయం తీసుకోవాలన్నదానికి అనుభవజ్ఞులు పాటించే కొలత ఒకటుంది: తరువాత తేలికగా వెనక్కి తీసుకోగలిగినదాన్ని ఎంచుకోవడం. ఖాళీగా వదిలిన గడిని రేపు నింపవచ్చు. లక్షల ఆర్డర్లలో ఒక ఊహాజనిత విలువను నింపేశాక, ఏది వినియోగదారు ఇచ్చినదో ఏది యంత్రం నింపినదో విడదీయడం కష్టం. వెనక్కి తీసుకోలేని విషయం, ఉదాహరణకు ఒక గడిని తొలగించడం, ఎన్ని రాత్రులు పట్టినా ప్రశ్నగానే ఉండాలి. ఆ తేడా చూడకుండా అన్నింటికీ ముందే నిర్ణయాలు తీసుకునే బృందాన్ని క్లయింట్ ఎక్కువ కాలం నమ్మడు.

రివ్యూయర్ వైపు కూడా ఇలాంటి ఉపాయమే ఉంది. గూగుల్ తన ఇంజినీర్ల కోసం ప్రచురించిన రివ్యూ మార్గదర్శకాల్లో, రివ్యూ అభ్యర్థనకు స్పందించడానికి గరిష్ఠ గడువు ఒక పని దినమని చెబుతూనే, కాలమండలాల తేడా ఎక్కువగా ఉంటే రాసినవారు ఆఫీసులో ఉండగానే జవాబివ్వడానికి ప్రయత్నించాలనీ, వారు వెళ్ళిపోతే మరునాడు తిరిగి వచ్చేలోపు రివ్యూ ముగించాలనీ సూచించింది. చిన్న వ్యాఖ్యలు మిగిలి ఉన్నా, రాసినవారు వాటిని సరిగా చూసుకుంటారన్న నమ్మకం ఉంటే ముందే అప్రూవ్ చేయవచ్చని కూడా అందులో ఉంది. 412లోని పేరు మార్పు అలాంటిదే. అయితే పైన చెప్పిన రద్దు నిబంధన ఉన్న రెపోలో ఈ ఉపాయం పనికిరాదు, ఎందుకంటే పేరు మార్చిన కమిట్ రాగానే ఆ ముందస్తు అప్రూవల్ కూడా చెల్లకుండా పోతుంది. నిబంధన భద్రత కోసమే పెట్టినది, తీసేయమని ఆఫ్‌షోర్ బృందం అడగడం సాధారణంగా కుదరదు. కానీ దాని ధర రాత్రుల్లో ఎంతో నోట్‌లు చూపిస్తే క్లయింట్ తానే ఆలోచిస్తాడు.

అప్రూవ్ అయినా మెర్జ్ కాని పీఆర్‌లు మరొక తరగతి. వీటిని చాలా నోట్‌లు పూర్తయినవాటిలో వేసేసి మరిచిపోతాయి. `CODEOWNERS` అనే ఫైలులో ఏ భాగపు కోడ్‌కు ఎవరు బాధ్యులో రాసి ఉంటుంది. ఆ బాధ్యుల అప్రూవల్ తప్పనిసరి చేసిన రెపోలో, మరొకరి ఆకుపచ్చ గుర్తు ఎంత కనిపించినా పీఆర్ కదలదు. అటువంటప్పుడు నోట్‌లో క్లయింట్ వైపు అని రాస్తే సరిపోదు, ఏ బాధ్యుడి కోసం ఆగిందో రాయాలి. బృందం పేరు మీద అడిగిన పనిని బృందంలో ప్రతివారూ మరొకరు చేస్తారనే అనుకుంటారు. అలాగే స్వయంచాలక పరీక్షలు విఫలమైన పీఆర్ సాధారణంగా రాసినవారి వంతే అయినా, ఆ వైఫల్యానికి క్లయింట్ సర్వర్ తాళంచెవి గడువు తీరడం కారణమైతే వంతు అటువైపు మారుతుంది. ఎర్ర గుర్తు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకేలా కనిపిస్తుంది.

శుక్రవారం నోట్‌కు మిగతా రోజులకన్నా ఎక్కువ శ్రద్ధ అవసరం. హైదరాబాద్ శుక్రవారం రాత్రి పంపినది చికాగోలో అదే శుక్రవారం ఉదయం చదువుతారు, కానీ వారు ఆ మధ్యాహ్నం 3కు రాసిన జవాబు వేసవిలో ఇక్కడ శనివారం తెల్లవారుజామున 1:30కు చేరి, సోమవారం మధ్యాహ్నం దాకా ఎవరి కంటా పడదు. ఇరవైనాలుగు గంటల్లో తిరిగి రావలసిన చక్రం ఆ ఒక్క రోజు మూడు రోజులవుతుంది. ఈరోజు సాయంత్రానికి, రేపటికి వంటి మాటలు కూడా రెండు నగరాల్లో రెండు అర్థాలిస్తాయి కనుక, గడువుకు తేదీ, గంట, ఎవరి గడియారం అన్న మూడూ ఉండాలి.

వారాల తరబడి నోట్‌లను దాచిపెట్టుకున్న బృందానికి వాటి నుంచి మరొకటి తెలుస్తుంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, ఒక వరుస స్థిరంగా నడుస్తున్నప్పుడు అందులో సగటున ఉన్నవాటి సంఖ్య, రోజుకు వచ్చి వెళ్ళేవాటి సంఖ్యను ఒక్కొక్కటి అక్కడ గడిపే రోజులతో గుణిస్తే వచ్చేదానికి సమానం. నోట్‌లో సగటున 12 పీఆర్‌లు ఉండి, రోజుకు 4 మెర్జ్ అవుతుంటే, ఒక్కో పీఆర్ సగటు నిరీక్షణ 3 రోజులు. మెర్జ్‌లు రోజుకు 4 దగ్గరే ఆగి, నోట్ మాత్రం 20కి పెరిగి అక్కడ నిలిస్తే నిరీక్షణ 5 రోజులవుతుంది. చికాగోలో రివ్యూ చేసేవారి సమయం పెరగనంత కాలం హైదరాబాద్‌లో మరిన్ని పీఆర్‌లు తెరవడం వల్ల పెరిగేది వరుస పొడవే. అందుచేత కొన్ని బృందాలు ఒక్కొక్కరికి తెరిచి ఉంచగల పీఆర్‌లకు పరిమితి పెట్టుకుంటాయి; పరిమితి చేరినవారు కొత్త కోడ్ రాయడం ఆపి, తోటివారి పీఆర్‌ను ముందుగా ఇక్కడే చదివి, చికాగో రివ్యూయర్‌కు మిగిలే వ్యాఖ్యలను తగ్గిస్తారు. సగటు మాత్రం ముసలి పీఆర్‌లను దాచేస్తుంది. పదకొండు రోజులుగా ఉన్న ఒక్కటి, నిన్న తెరిచిన పదింటి మధ్య కనిపించదు. కాబట్టి నోట్‌లోని పంక్తులను సంఖ్య వరుసలో కాక, వంతు మారి ఎన్ని గంటలైందో ఆ వరుసలో పేర్చాలి. తెరిచి ఎన్ని రోజులైందన్నది వేరే లెక్క. పది రోజుల కింద తెరిచిన పీఆర్‌లో వంతు గంట కింద మారి ఉండవచ్చు.

ఈ లెక్కలు చేతికి వచ్చాక ఒక ప్రమాదమూ వస్తుంది. నెలవారీ సమీక్షలో ఎవరి వైపు ఎన్ని గంటలు ఆగాయో చూపించే పటాన్ని నోట్‌ల నుంచి తయారు చేయడం మొదలైతే, నోట్ రాసే పద్ధతి మారిపోతుంది. రాత్రి 8:50కి ఒక అనవసరమైన ప్రశ్న వేసి వంతును అటువైపు తోసేయడం, అటువైపు వారు చదవకుండానే ఒక చిన్న వ్యాఖ్య రాసి సవరణలు కోరడం వంటివి కనిపిస్తాయి. పటంలో గంటలు తగ్గుతాయి, పీఆర్ వయసు పెరుగుతుంది. దీన్ని పసిగట్టడానికి చూడవలసింది ఒక పీఆర్‌లో వంతు ఎన్నిసార్లు మారిందన్నది: రెండు మూడు సార్లు మారి మెర్జ్ అయ్యే చోట ఏడెనిమిది సార్లు మారుతూ, ఒక్కో మార్పులో కోడ్ పెద్దగా కదలకపోతే, ఆ బృందాలు నోట్‌ను లెక్కల కోసం రాస్తున్నాయన్నమాట. అప్పుడు పటాన్ని పక్కన పెట్టి, అలా తిరుగుతున్న రెండు మూడు పీఆర్‌లను ఉమ్మడి గంటన్నరలో ఇరువైపులవారూ ఒకే తెర మీద కలిసి చదివి ముగించడం తప్ప వేరే దారి సాధారణంగా ఉండదు.